నాలుగు రౌండ్ల పట్టిక: ఈవెంట్స్ కోచ్‌కు డబ్బు కట్టే ముందు

పోలీసు నోటిఫికేషన్ వస్తుందన్న మాట పుడితే చాలు, నల్లగొండలో మేకల అభినవ్ స్టేడియం, పాలమూరులో స్టేడియం గ్రౌండ్ తెల్లవారకముందే నిండిపోతాయి. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు ఊళ్ల నుంచి వచ్చి గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లు వాళ్లలో చాలామంది. రాత పరీక్షకు పుస్తకాలు, టెస్టు సిరీస్‌లు ఉన్నాయి. ఈవెంట్స్‌కు మాత్రం కోచ్ మాటే పుస్తకం. పదుల మందిని కలిపి పరిగెత్తించే బ్యాచ్ ఒకటి, నిన్నొక్కణ్నే చూసుకుంటానని కొన్ని రెట్లు ఎక్కువ అడిగే పర్సనల్ ట్రైనింగ్ ఇంకొకటి. ఈ రెండోదానికి ఇంట్లోవాళ్ల చేత డబ్బు కట్టించవచ్చా, కడితే ఆ కోచ్ ఇచ్చే పట్టిక మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి అన్నది ఈ అధ్యాయం విషయం.

జిమ్‌లో ఒళ్లు తగ్గడానికి, కండ పెంచడానికి ట్రైనర్‌ను పెట్టుకునేవాళ్లకూ ఇదే ప్రశ్న ఉంటుంది. అయినా ఈవెంట్స్‌నే ఎంచుకున్నాను. ఇక్కడ గురి అంకెల్లో ఉంటుంది, గడువు ఉంటుంది, ఫలితం స్టాప్‌వాచ్ మీద కనిపిస్తుంది. కోచ్ చెప్పిన దాంట్లో పస ఎంతో దాచడానికి వీలుండదు.

2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు వేయాలి. మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, లాంగ్ జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. అంతకుముందు 2018లో లెక్క వేరు. అప్పుడు పురుషులకు 100 మీటర్లు, 800 మీటర్లు, హైజంప్ కూడా ఉండేవి. ఇంకా వెనక్కి వెళ్తే ఉమ్మడి రాష్ట్రంలో 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. కోచ్‌తో మాట్లాడటం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. “అన్నా, ఈసారి నోటిఫికేషన్‌ల ఏమేం ఉన్నయ్, ఎంత టైమింగ్ గావాలె?” అని అడగండి. 800 మీటర్ల రోజుల్లో తయారుచేసుకున్న పట్టికనే ఇప్పటికీ నడిపిస్తున్న కోచ్ అయితే ఆ జవాబులోనే తేలిపోతుంది. 800 మీటర్లు రెండు మూడు నిమిషాల పని, 1600 మీటర్లు ఏడు నిమిషాల పని. ఈ రెంటికీ ఒంట్లో ఇంధనం మండే తీరే వేరు.

ఆ తేడా తెలిస్తే పట్టికలో సగం మీరే చదువుకోగలరు. కండరం రెండు దారుల్లో శక్తి తెచ్చుకుంటుంది. ఆక్సిజన్ అందుతుండగా నిదానంగా, ఎంతసేపైనా తెచ్చుకునేది ఒక దారి. ఆక్సిజన్ చాలనప్పుడు గబగబా తెచ్చుకుని, కాళ్లు మండి, కాసేపటికే చేతులెత్తేసేది రెండోది. 100 మీటర్ల పరుగు దాదాపు అంతా రెండో దారి మీదే నడుస్తుంది. 800 మీటర్లలో మూడింట రెండు వంతుల దాకా మొదటి దారిదే. ఏడు నిమిషాల పరుగులో అయితే అయిదింట నాలుగు వంతులకు పైగా మొదటి దారే మోస్తుంది. గుండె ఒక్కో కొట్టుకు ఎంత రక్తం పంపుతుంది, పిక్కల్లో, తొడల్లో సన్నటి రక్తనాళాలు ఎంత దట్టంగా అల్లుకున్నాయి, కణాల్లో ఆక్సిజన్‌ను వాడుకునే మైటోకాండ్రియాలు ఎన్ని ఉన్నాయి అన్నదే ఆ దారి బలం. ఈ మూడింటికీ పునాది పడేది వారాల తరబడి చేసే నెమ్మది పరుగుతో. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా అన్నమాట. వగర్చుకుంటూ చేసే వేగపు పరుగు కూడా వీటిని పెంచుతుంది, కానీ ఒళ్లు దాన్ని రోజూ తట్టుకోలేదు.

అందుకే కోచ్ చూపించే పట్టికలో మొదట నెమ్మది పరుగు ఉందా అని చూడండి. గ్రౌండ్లలో మామూలుగా కనబడే పట్టిక ఇలా ఉంటుంది: సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున అయిదింటికి వార్మప్, వెంటనే 1600 మీటర్లకు టైమింగ్, తర్వాత కప్పగంతులు, వంద సిటప్‌లు, దండీలు. అందరికీ అదే, ప్రతి వారమూ అదే. అందులో చెమట కారుతుంది, కష్టం కనబడుతుంది. కానీ రోజూ టైమింగ్ తీయడం కొలత అవుతుంది గానీ సాధన కాదు. పైరు ఎదిగిందో లేదో చూద్దామని రోజూ మొక్కను పీకి వేళ్లు చూసినట్టే. ప్రాణం పెట్టి పరిగెత్తిన 1600 నుంచి ఒళ్లు తేరుకోవడానికి రెండు రోజులైనా కావాలి. అంతలోనే మళ్లీ పరిగెత్తిస్తే మరుసటి రోజు టైమింగ్ పడిపోతుంది. అప్పుడు కోచ్ “నీకు పట్టుదల లేదు” అంటాడు. పిల్లవాడు నమ్ముతాడు.

ఒక కుర్రాడి లెక్క

దేవరకొండ వైపు నుంచి వచ్చిన 22 ఏళ్ల అభ్యర్థి ఒకడున్నాడనుకుందాం. వారానికి 10 కిలోమీటర్లదాకా పరిగెత్తే అలవాటు ఉంది. మొదటి రోజు 1600 మీటర్లు 8 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేశాడు. చేతిలో 16 వారాలున్నాయి. 400 మీటర్ల ట్రాక్ మీద అది నాలుగు రౌండ్లు, అంటే ఇప్పుడు రౌండుకు 2 నిమిషాల 10 సెకన్లు. 7 నిమిషాల 15 సెకన్లు కావాలంటే రౌండుకు 1 నిమిషం 49 సెకన్లు పడాలి. రౌండుకు 21 సెకన్లు తగ్గించాలన్నమాట.

గురి మాత్రం 7:15 దగ్గర ఆగకూడదు, 7 నిమిషాలు పెట్టుకోవాలి. ఎందుకో లెక్క వేసి చూపించే కోచ్ దొరికితే సగం నమ్మకం కుదిరినట్టే. పరీక్ష రోజున గుంపుగా వదులుతారు, లోపలి లైను అందరికీ దొరకదు. ట్రాక్ మీద ఒక లైను వెడల్పు 1.22 మీటర్లు. రెండో లైనులో తిరిగితే రౌండుకు ఏడున్నర మీటర్లు ఎక్కువ పడుతుంది, నాలుగు రౌండ్లకు 30 మీటర్లు. ఆ వేగంలో 30 మీటర్లంటే 8 సెకన్లు. ప్రాక్టీసులో 7:10 వచ్చిన కుర్రాడు పరీక్షలో 7:18 దగ్గర ఆగిపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇక మంచి పట్టిక ఎలా ఉంటుందో చూద్దాం. వారానికి నాలుగు పరుగులు: రెండు నెమ్మది పరుగులు ఒక్కోటి 25 నిమిషాలు, వారం చివర ఒక పొడుగు నెమ్మది పరుగు 35 నిమిషాలు, మధ్యలో ఒక్క రోజు వేగం. మిగిలిన రోజుల్లో రెండుసార్లు లాంగ్ జంప్, గుండు, వాటికి కావలసిన బలం పని. ఒక రోజు పూర్తి విశ్రాంతి. వేగం రోజున మొదటి నెలలో 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 2 నిమిషాల 5 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాలు నడక. ఇప్పుడు అతని 1600 వేగం రౌండుకు 2:10 కాబట్టి 2:05 కాస్త కష్టం, అయినా ఆరోది కూడా మొదటిదానిలాగే పూర్తిచేయగలడు. మొదటిది 1:40లో కొట్టి ఆరోది 2:30కి పడిపోతే ఆ రోజు సాధన వృథా. రెండో నెలలో అవే ఆరు 1:58కి, మూడో నెలలో ఒక వారం 1:50కి, మరో వారం 800 మీటర్లు మూడుసార్లు 3 నిమిషాల 44 సెకన్ల చొప్పున. నాలుగో నెలలో 400 మీటర్లు అయిదుసార్లు 1:44కి, మధ్యలో విశ్రాంతి ఒకటిన్నర నిమిషానికి తగ్గుతుంది. ఈలోగా నెమ్మది పరుగులు అరగంటకు, పొడుగు పరుగు 45 నిమిషాలకు పెరుగుతాయి. ప్రతి నాలుగో వారం మొత్తం పరుగు మూడో వంతు తగ్గించి, ఆ వారం చివర ఒక్కసారి 1600 టైమింగ్ తీస్తారు.

ఈ అంకెలను అలాగే ఎత్తి ఇంకొకరికి పెట్టకూడదు. చూడవలసింది వాటి నడక. మొదటి రోజు టైమింగ్ నుంచి పుట్టాయి, గురి వైపు మెట్లు మెట్లుగా దిగాయి, ఏ వారం ఏం మారిందో కాగితం మీద ఉంది. మొదటి టైమింగ్ 9:30 వచ్చినవాడికి 2:05 అనే అంకె పనికిరాదు. మీ కోచ్ ఇచ్చిన పట్టిక పక్కవాడి పట్టికతో అచ్చంగా కలిసిందంటే, పర్సనల్ అన్న మాటకు మీరు కట్టిన డబ్బు ఎటు పోయిందో అడగాల్సిందే.

నాలుగో వారం చివర 8:10, ఎనిమిదో వారానికి 7:45, పన్నెండో వారానికి 7:25 ప్రాంతంలో పడితే సాధన సరిగా సాగుతున్నట్టు. మొదట్లో ఎక్కువగా తగ్గి తర్వాత మెల్లగా తగ్గడం సహజం. ఎనిమిదో వారంలో ఇంకా 8:30 దగ్గరే ఉంటే? కోచ్‌ను డబ్బు కట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఇది: “రెండు నెలలకూ టైమింగ్ తగ్గకపోతే ఏం చేస్తరన్నా?” ఇంకా ఎక్కువ పరిగెత్తిస్తానంటే జాగ్రత్తపడండి. నిద్ర ఎంత, తిండి ఏమిటి, రక్తం ఎంత ఉంది, వేగం రోజున ఆరో రౌండు ఎలా పడుతోంది అని వెనక్కి వెళ్లి వెతుకుతానన్నవాడు తన పని తెలిసినవాడు.

ఎముక వెనకబడే కాలం

పట్టిక తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువ మందిని ఇంటికి పంపేది వేగం కాదు, పరుగు ఒక్కసారిగా పెరగడం. నోటిఫికేషన్ రాగానే అప్పటిదాకా పరిగెత్తని కుర్రాడు రోజుకు ఆరేడు కిలోమీటర్లు మొదలుపెడతాడు. మొదటి రెండు వారాలు బాగానే ఉంటుంది. మూడో వారం నుంచి ఆరో వారంలోగా మోకాలి కింద, కాలి ముందు ఎముక లోపలి అంచు పట్టుకుంటుంది. షిన్ పెయిన్ అంటారు గ్రౌండ్లో. సరిగ్గా ఆ వారాల్లోనే ఎందుకు వస్తుందో తెలుసుకోవాలి.

పరిగెత్తడం మొదలుపెడితే రక్తం, గుండె, కండరం కొద్ది వారాల్లోనే సర్దుకుంటాయి. ఊపిరి సులువవుతుంది, ఇంకా పరిగెత్తగలనని అనిపిస్తుంది. ఎముక అంత త్వరగా సర్దుకోదు. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తనలోని పాత భాగాన్ని తొలిచి తీసేస్తుంది, ఆ ఖాళీలో కొత్త ఎముకను నింపుతుంది. తొలవడం కొన్ని వారాల్లో అయిపోతుంది. నింపి గట్టిపరచడానికి నెలలు పడుతుంది. అంటే మొదలుపెట్టిన నెలా నెలన్నర ప్రాంతంలో ఎముక మునుపటికంటే కాస్త బలహీనంగానే ఉంటుంది, ఊపిరి మాత్రం మునుపటికంటే బాగుంటుంది. ఈ రెంటి మధ్య తేడాలోనే కాలు దెబ్బతింటుంది. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ తొలి వారాల్లోనే ఎముకకు సన్నటి చీలికలు ఎక్కువగా రావడం చాలా దేశాల సైనిక వైద్యులు చూసిందే.

పట్టికలో ప్రతి నాలుగో వారం పరుగు తగ్గించింది ఇందుకే. వారానికి పరుగును నాలుగు రోజులకే పరిమితం చేసింది కూడా ఇందుకే. “ఈ వారం ఎందుకు తగ్గించినవ్ అన్నా?” అని అడిగినప్పుడు కోచ్ ఈ సంగతి తన మాటల్లో చెప్పగలగాలి. పరుగంతా సిమెంటు రోడ్డు మీద కాకుండా మట్టి ట్రాక్ మీద చేయించడం కూడా కొంత మేలు చేస్తుంది, అయితే పరుగు పెరిగే తీరు ముందు అది చిన్న విషయమే.

నొప్పి వచ్చినప్పుడు చూసుకునే పద్ధతి ఒకటుంది. కూర్చుని, కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి మెల్లగా నొక్కుతూ రావాలి. నాలుగైదు వేళ్ల వెడల్పున పరుచుకుని, పరుగు మొదట్లో ఉండి ఒళ్లు వేడెక్కాక తగ్గే నొప్పి అయితే అది ఎముక అంచున వచ్చిన వాపు. పరుగు సగానికి తగ్గించి, వేగం ఆపి, రెండు మూడు వారాలు చూస్తే సాధారణంగా నెమ్మదిస్తుంది. అలా కాక ఒకేచోట, వేలి కొన కింద పట్టేంత చోట, తాకితే జివ్వుమంటే, ఆ కాలి మీద ఒంటికాలి గెంతు వేయలేకపోతే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే ఎముక చీలిందని అనుమానించి పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఈ చీలిక కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాట పట్టుకుని మళ్లీ పరిగెత్తితే సన్నటి చీలిక పూర్తిగా విరగవచ్చు. నొప్పికి ఇంజెక్షన్ వేయించుకుని వచ్చి పరిగెత్తమనే కోచ్ దగ్గర ఆ రోజే ఆపేయండి, కట్టిన డబ్బు పోయినా సరే.

పరుగు కంటే ముందు చూడాల్సినవి

మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇంకొక విషయం. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దీఖీ రాశారు. భగీరథ నీళ్లు రాకముందు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఇప్పటి అభ్యర్థుల్లోనూ ఉన్నారు. పళ్ల మీద గోధుమరంగు చారలు ఉంటే, ఆ పళ్లు లోపల తయారయ్యే చిన్న వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఉంటారని అనుకోవచ్చు. ఎముకల సంగతి ఆ చారలు చెప్పవు. చారలున్న కుర్రాళ్లు చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా పరిగెత్తుతారు. అయితే మెడ, నడుము బిగుసుకుపోయి వంగలేకపోవడం, గొంతుక్కూర్చోలేకపోవడం ఉంటే సంగతి వేరు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక చూడటానికి గట్టిగా, దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది, కీళ్ల చుట్టూ నరాల్లాంటి బంధాలు సున్నం పట్టి బిగుస్తాయి. అలాంటివాణ్ని బలవంతంగా వంచి సాగదీయించడం, భుజాల మీద బరువు పెట్టి గుంజీలు తీయించడం ప్రమాదం. ముందు డాక్టరు చూడాలి. ఏ ఊరు, ఏ నీళ్లు తాగి పెరిగావు అని మొదటి రోజే అడిగే కోచ్ నల్లగొండలో పని చేయడం తెలిసినవాడు.

అమ్మాయిల విషయంలో అయితే నేను ఇంకా గట్టిగా చెబుతాను. కోచ్‌కు డబ్బు కట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. పరుగులో దాని అర్థం లెక్కలో చూడవచ్చు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాములు ఉన్న అమ్మాయికి 16 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అందితే, 9 గ్రాములున్న అమ్మాయికి 12 మాత్రమే. ప్రతి కొట్టుకూ నాలుగో వంతు తక్కువ. ఏ పట్టికా ఆ నాలుగో వంతును తెచ్చివ్వదు, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు తెస్తాయి. మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ పెరగడం కనిపిస్తుంది, నిల్వలు నిండడానికి నెలలు వాడాలి, మాత్రతోపాటు చాయ్ తాగకూడదు. ఈ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మహిళల 800 మీటర్లకు ఇచ్చిన 5 నిమిషాల 20 సెకన్లంటే గంటకు 9 కిలోమీటర్ల వేగం. రక్తం సరిగా ఉన్న అమ్మాయి రెండు నెలలు నెమ్మది పరుగు చేస్తే చాలావరకు అందుకుంటుంది. పరుగు కోసమే అయితే పర్సనల్ కోచ్‌కు డబ్బు పెట్టడం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఎండ సంగతి ఒక్క మాట. ఏప్రిల్, మేలో ఇక్కడ సూర్యుడు ఎక్కగానే వేడి పెరిగిపోతుంది. ఒళ్లు ఆ వేడికి అలవాటుపడటానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు నెమ్మది పరుగులే పెట్టాలి, ఆ తర్వాత కూడా వేగం పనిని తెల్లవారుజామున ముగించాలి.

డబ్బు దేనికి కడుతున్నట్టు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పక్కన మనిషి నిలబడి చూస్తే నిజంగా తేడా వస్తుందా? 2000లో మజెట్టి, ఆయన సహచరులు అమెరికాలో దీన్నే పరీక్షించారు. కొంత వ్యాయామ అనుభవం ఉన్న 20 మంది మగవాళ్లను రెండు జట్లు చేసి, 12 వారాలు అందరికీ ఒకే బరువుల పట్టిక ఇచ్చారు. ఒక జట్టు పక్కన ట్రైనర్ ఉన్నాడు, ఇంకో జట్టు తమంతట తామే చేసుకుంది. చివర్లో ట్రైనర్ ఉన్న జట్టు గుంజీల్లోనూ, బెంచ్ ప్రెస్‌లోనూ ఎక్కువ బలం పెంచుకుంది. పట్టిక ఒక్కటే అయినా ట్రైనర్ ఉన్న జట్టు బరువులను త్వరత్వరగా పెంచుకుంటూ పోయింది. ఒంటరిగా చేసేవాడు ఇంకో రెండు కిలోలు ఎక్కించగలిగినా ఎక్కించడు.

ఈ ప్రయోగం చిన్నది, చేసింది బరువుల మీద. అయినా అందులో ఈవెంట్స్‌కు పనికొచ్చే మాట ఉంది. పట్టిక రాయడం ఒక పని, పక్కన నిలబడి ఈ రోజు ఎంత చేయాలో తేల్చడం ఇంకో పని, ఒంటి కదలికను చూసి దిద్దడం మూడో పని. మూడింటికీ కలిపి నెలనెలా కట్టక్కర్లేదు. పట్టిక ఒక్కసారి రాయించుకోవచ్చు. పరుగులో పక్కన ఉండాల్సిన పని చాలావరకు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్న స్నేహితుడు చేయగలడు. 7:15 లెక్కన ప్రతి 200 మీటర్లకు 54 సెకన్లు అని అరిచి చెప్పడం, మొదటి రౌండు 1:30లో కొట్టేసి మూడో రౌండులో కూలబడకుండా ఆపడం అన్నవే ఆ పనులు. రౌండ్లన్నీ దాదాపు ఒకే వేగంతో పరిగెత్తినవాడిదే మంచి టైమింగ్. ఇది నేర్పడానికి కోచ్ ఒక వారం ఉంటే చాలు.

కోచ్ కన్ను నిజంగా కావలసింది గుండు దగ్గర, ఇసుక గుంట దగ్గర. గుండు విషయంలో గ్రౌండ్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇది: గుండు మెడకు ఆనించి పట్టుకుంటాడు, తీరా వేసేటప్పుడు మోచేయి కిందికి జారుతుంది, గుండు మెడ వదిలి భుజం వెనక్కి పోతుంది. అప్పుడది బంతి విసిరినట్టవుతుంది. ఫౌల్ పడటమే కాదు, 7.26 కిలోల బరువుకు భుజం కీలు దెబ్బతింటుంది. మోచేయి గుండు వెనకే ఉండి, తోపు కాలి నుంచి మొదలై నడుము తిరిగి చివర్లో చేతికి రావాలి. ఈ తప్పు చేసేవాడికి తాను చేస్తున్నట్టు తెలియదు. పక్కన నిలబడి చూసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. లాంగ్ జంప్‌లోనూ అంతే. 4 మీటర్లు దూకే బలం ఉన్న కుర్రాడు కూడా పలక దగ్గరికి వచ్చేసరికి అడుగులు కలవక చివరి రెండు అడుగులు తడబడి వేగమంతా పోగొట్టుకుంటాడు. పలక నుంచి వెనక్కి కొలిచి, పరుగు మొదలుపెట్టే చోట గుర్తు పెట్టించి, ప్రతిసారీ అక్కడి నుంచే పరిగెత్తించే కోచ్ పని తెలిసినవాడు. జంప్ చేయించడానికి రోజూ కప్పగంతులు వేయించేవాడు మోకాళ్లను అరగదీస్తున్నాడు.

అందుకని నేనైతే డబ్బును ఇలా పెడతాను. నెలకు నాలుగు వేలు అడిగి వారానికి ఆరు రోజులు చూస్తానన్న కోచ్ ఉన్నాడనుకోండి. అతన్ని వారానికి ఒక్క రోజు, గుండు, జంప్ రోజున రమ్మని, పట్టికను నాలుగు వారాలకొకసారి టైమింగ్ చూసి దిద్దమని అడుగుతాను. దానికి ఎంత అవుతుందో అతనే చెప్పాలి. మిగిలిన పరుగులు స్నేహితులతో. సొంతంగా పొద్దున లేవలేని కుర్రాడికి మాత్రం ఈ లెక్క కుదరదు, అతనికి బ్యాచ్ మేలు. బ్యాచ్‌లో ఉన్నా నెమ్మది పరుగు రోజులు, తగ్గించే వారాలు తనకు తాను కాపాడుకోవాలి. పటియాలా ఎన్ఐఎస్‌లో కోచింగ్ కోర్సు చేసినవాళ్లు, బీపీఈడీ చదివిన వ్యాయామ ఉపాధ్యాయులు మన జిల్లాల్లో ఉన్నారు. ఆ చదువుకు విలువ ఇవ్వండి, కానీ గోడ మీది సర్టిఫికెట్‌ను చూశాక కూడా పట్టికను అడిగి చూడండి. పాత బ్యాచ్‌లో ఎంతమంది ఎంపికయ్యారో ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఎంతమంది చేరారో, ఎంతమంది కాలు నొప్పితో మధ్యలో మానేశారో కోచ్‌ను, మానేసినవాళ్లను అడిగే తెలుసుకోవాలి.

ఒకేసారి మొత్తం కట్టకండి. మొదటి నాలుగు వారాలకు మాత్రమే కట్టి, ఆ నాలుగు వారాలూ ఒక నోటుబుక్కులో రోజూ ఏం చేశారో, ఎన్ని రౌండ్లు ఏ టైమింగ్‌కు పడ్డాయో, కాలు ఎలా ఉందో రాసుకోండి. నెల చివర ఆ నోటుబుక్కు కోచ్ ముందు పెట్టి, వచ్చే నెల ఏం మారుస్తారో అడగండి. నోటుబుక్కు తిరగేసి, మూడో వారంలో వేగం రోజున ఆరో రౌండు ఎందుకు పడిపోయిందని అతనే తిరిగి అడిగితే రెండో నెలకు కట్టండి. చూడకుండానే “అంతా మంచిగనే పోతున్నది తమ్మీ” అంటే ఆ నోటుబుక్కు తీసుకుని ఇంకో కోచ్ దగ్గరికి వెళ్లండి. కోచ్‌కు ఇంకో పరీక్ష పదహారో వారంలో ఉంటుంది. ఈవెంట్స్‌కు వారం ముందు పరుగు సగానికి తగ్గించాలి, వేగం కాస్త ఉంచి దూరం కోయాలి. అప్పుడే నెలల అలసట దిగి, పెంచుకున్న బలం బయటికి వస్తుంది. ఆ వారం భయపడి రోజూ టైమింగ్ తీయించేవాళ్లు చాలామంది. తన పట్టికలో చివరి వారం ఏం రాసి ఉందో కోచ్ మొదటి రోజే చూపించగలగాలి.